చదివినట్టు ఉండొద్దు

నిజామాబాద్‌లో కెమెరా ముందు మాట్లాడాల్సి వచ్చి, నోరు పెగలక చెమటలు పట్టిన వాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు వర్ని రోడ్డులో జిరాక్స్ దుకాణం పై మెట్లు ఎక్కుతారు. పైన ఒకటే గది. ఆ గదిలో జ్యోతిరాణి ఉంటుంది. ఆమె దగ్గర ఒక కెమెరా, మూడుకాళ్ల స్టాండు, రెండు లైట్లు, ఒక ప్రాంప్టర్ ఉన్నాయి. ప్రాంప్టర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. కెమెరా ముందు ఏటవాలుగా నిలబెట్టిన ఒక అద్దం, దాని కింద వెల్లకిలా పడుకోబెట్టిన ట్యాబ్లెట్టు, వెనుక వెలుతురు రాకుండా నల్లబట్ట. ట్యాబ్లెట్టులోని యాప్ అక్షరాలను తిరగేసి చూపిస్తుంది. అవి అద్దంలో సరిగ్గా పడతాయి. మాట్లాడేవాడికి లెన్సు కనిపించదు, లెన్సు మీద తేలే అక్షరాలు కనిపిస్తాయి. చూసేవాడికి అక్షరాలు కనిపించవు, తన కళ్లలోకి చూస్తున్న మనిషి కనిపిస్తాడు. జనం దాన్ని అద్దాల డబ్బా అంటారు.

డబ్బా ఎవరైనా కొనుక్కోవచ్చు. ఫోనులో యాప్ పెట్టుకుంటే డబ్బా కూడా అక్కర్లేదు. అయినా కార్పొరేటర్లు, దంతవైద్యులు, కోచింగ్ సెంటర్ల డైరెక్టర్లు, విత్తనాల డీలర్లు జ్యోతిరాణి కోసమే వచ్చేవారు. ఆమె మాట్లాడిస్తే చదివినట్టు ఉండదని ఊళ్లో పేరు.

ఆ పేరుకు మూలం ఆమె తండ్రి. బోధన్‌లో చెరుకు కాంటా దగ్గర చిన్న గుమాస్తాగా చేసిన పరమేశ్వర్, సీజన్లో బండ్లు వరుస కట్టి నిలబడినప్పుడు, చాయ్ హోటల్ ముందు కూర్చుని బండ్లవాళ్లకు పేపర్ చదివి వినిపించేవాడు. అచ్చులో ఉన్నది ఒకటి, ఆయన నోటి నుంచి వచ్చేది ఇంకొకటి. "ముఖ్యమంత్రి పేర్కొన్నారు" అని ఉంటే "సీఎం ఏమంటుండంటే" అని చదివేవాడు. కూతురు పక్కన కూర్చుని పేపర్‌లోకి చూస్తూ, ఆయన నోటివైపు చూస్తూ పెరిగింది. తర్వాత టౌన్‌లోని కేబుల్ చానల్‌లో సాయంత్రం వార్తలు చదివింది. చానల్ మూతపడ్డాక, ఇంట్లో కూర్చోలేక, తనకు తెలిసిన ఒక్క పనినీ ఊరికి అమ్ముకుంది.

పని చేసేటప్పుడు ఆమెకు జాలి ఉండదు. ఒకసారి పళ్ల డాక్టర్ ఒకాయన సూటు వేసుకొచ్చి, డబ్బా ముందు కొయ్యబొమ్మలా నిలబడి గడగడా చదివేశాడు. అయిపోయాక, "ఎట్లుంది మేడం?" అన్నాడు.

"మంచిగుంది సార్. గని మీరు రెప్పనే కొట్టలే. పేషెంట్లు పండ్లకు కాదు, మీకు భయపడి రారు."

డాక్టర్ నవ్వలేదు. ఆమె అతన్ని రెండడుగులు వెనక్కి జరిపింది. దూరం పెరిగితే కళ్ల కదలిక తెలియదు. అక్షరాలు పెద్దవి చేసింది. వెడల్పు తగ్గించి, వరుసకు మూడు నాలుగు మాటలే పడేట్టు చేసింది. వరుస ఇరుకుగా ఉంటే కళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తవు. ఊపిరి తీసుకోవాల్సిన చోట వరుస విరిచింది. ఆ తర్వాత చిన్న రిమోట్ చేతిలోకి తీసుకుని, "ఇగ మీరు అక్షరాల ఎంబడి ఉరకకుండ్రి. మీరు మాట్లాడుండ్రి, అక్షరాలే మీ ఎంబడి వస్తయి," అంది. యాప్‌లో దానంతటదే జరిగే వేగం ఉంది, గొంతు విని వెంట వచ్చే పద్ధతి కూడా ఉంది. ఆమె రెండూ వాడదు. మొదటిది మనిషిని తరుముతుంది. రెండోది నిజామాబాద్ మాట వినగానే ఎక్కడ ఉందో తెలియక ఆగిపోతుంది. ఆమె బొటనవేలు మాత్రం ఎదుటి మనిషి ఊపిరిని బట్టి నడుస్తుంది.

ఇవన్నీ పైపై పనులే. అసలు పని వేరే. ఎవరు వచ్చినా ముందు కెమెరా ఆపి, కాగితం పక్కన పెట్టించి, "రాసిందాన్ని మర్చిపోండ్రి. నాకు చెప్పుండ్రి, ఏం సంగతి?" అంటుంది. కెమెరా నడవడం లేదని తెలిస్తే మనుషుల నోరు తేలికవుతుంది. వాళ్లు చెబుతుంటే ఆమె వింటుంది. ఏ మాట దగ్గర సాగదీస్తున్నారు, ఏది రెండుసార్లు అంటున్నారు, ఎక్కడ ఊపిరి పోతోంది, అన్నీ పట్టుకుంటుంది. తర్వాత స్క్రిప్టును వాళ్ల మాటల్లోకే తిప్పి ట్యాబ్లెట్టులో ఎక్కిస్తుంది. మనిషి అద్దంలో తన మాటలనే చూస్తాడు. తన మాటలను ఎవరూ చదవరు, మాట్లాడతారు.

ఎండాకాలం మొదట్లో అనిల్‌కుమార్ ఫోన్ చేశాడు. బోధన్ అవతల పొలాల మధ్య ఉన్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీకి అతను పీఆర్వో. అంతకుముందు రైతుల కోసం రెండు వీడియోలు చేయించుకున్నాడు. మర్యాదస్తుడు, మాట మెత్తన.

"మేడం, ఒక చిన్న పని. మా వర్కర్ భార్య. మొన్న అయిన సంగతి మీకు ఎరుకే గద."

ఎరుకే. చెరుకు క్రషింగ్ అయిపోయాక, మడ్డి నిలవచేసే మొలాసిస్ ట్యాంకు కడుగుతూ ఇద్దరు చనిపోయారు. అడుగున మిగిలిన మడ్డి పులిసి గాలి విషమవుతుంది. దిగినవాడు రెండో ఊపిరికే కూలిపోతాడు. పోయినవాళ్లలో రవీందర్ పర్మినెంటు ఉద్యోగి. అఖిలేష్ కాంట్రాక్టు కూలీ. ఇద్దరూ ఫ్యాక్టరీ వెనుక రేకుల లైన్లలో పక్కపక్కన ఉండేవారు. ముందు ఎవరు దిగారు, ఎవరు దింపారు అన్నదే ఇప్పుడు తేలాల్సిన సంగతి. షిఫ్ట్ ఇంజనీరు రవీందర్‌ను దింపాడని యూనియన్ అంటోంది. ఎవరూ దిగమనలేదు, అఖిలేష్ తాగి తనంతట తాను దిగాడు, అతన్ని తీయడానికి రవీందర్ దిగాడు అని కంపెనీ అంటోంది. విచారణ అధికారి వారం లోపల రానున్నాడు.

"రవీందర్ భార్య శిరీష మాట్లాడ్తది," అన్నాడు అనిల్‌కుమార్. "స్క్రిప్ట్ నేను రాసిన. ఇంటర్ చదివింది, చదువుడు వస్తది. జరంత మీ చెయ్యి పడాలె."

జ్యోతిరాణి స్క్రిప్టు చదువుకుంది. అందులో నిజమేదో అబద్ధమేదో ఆమెకు తెలియదు. తెలుసుకోవడం తన పని అని కూడా ఎప్పుడూ అనుకోలేదు. విత్తనాల డీలరు తన విత్తనం జిల్లాలోనే మొదటిదంటే ఆమె నమ్మిందా? వెళ్లింది.

శిరీష ఇల్లు రెండు గదులు. గోడకు రవీందర్ ఫోటో, దానికి వాడిన దండ. శిరీషకు పాతికేళ్లు ఉంటాయేమో. చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. వీధిలో చప్పుడు కాకుండా అనిల్‌కుమార్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

మొదటిసారి రాసింది రాసినట్టే ఎక్కించారు. శిరీష చదివింది. "నా భర్త రవీందర్ గారు తమ సహచరుణ్ణి రక్షించే ప్రయత్నంలో దుర్మరణం పాలయ్యారు. ఈ కష్టకాలంలో యాజమాన్యం మా కుటుంబానికి అండగా నిలిచింది..." బళ్లో పాఠం అప్పజెప్పినట్టు ఉంది. 'దుర్మరణం' దగ్గర నాలుక తడబడి మళ్లీ మొదలుపెట్టింది.

"ఇట్లయితే యూనియనోళ్లు నవ్వుతరు," అన్నాడు అనిల్‌కుమార్ మెత్తగా. "కంపెనోళ్లు రాసిచ్చిండ్రు అంటరు."

"రాసిచ్చింది మీరేనాయె," అంది జ్యోతిరాణి. "సార్, మీరు జరసేపు బయటికి పోయి చాయ్ తాగి రాండ్రి."

అతను వెళ్లాక ఆమె కెమెరా ఆపింది. లైట్లు తీసేసింది. శిరీషను కుర్చీలోంచి దింపి, కింద చాప మీద ఆమె పక్కన కూర్చుంది.

"కాగితం ఇడిసిపెట్టు. ఆ పొద్దు ఏమైందో నాకు చెప్పు."

శిరీష ఒకసారి ఫోటోవైపు చూసింది. అంతా ఒక్కసారి వచ్చింది.

"పొద్దుగాల సద్ది కట్టిన అక్కా. తినకుండనే పోయిండు. ఆకలైతలేదే, వచ్చినంక తింట అన్నడు. ఇంజనీరు ఫోన్ జేసిండు, నువ్వే దిగాలె, నీకే ఎరుక ఆ ట్యాంకు సంగతి అని. నాకు ఇనబడ్డది ఫోన్ల. పోయిండు. దిగిండు. పిలిస్తే పలుకలేదంట. అందరు పైన నిలవడి సూస్తుండ్రంట అక్కా, ఒక్కడు దిగలే. గా అఖిలేష్... మా ఆయనను తియ్యనీకి అఖిలేష్ దిగిండు. వద్దురా అంటే, అన్న లోపలున్నడు అని దిగిండంట. తాడు గూడ కట్టుకోలే. నోట్లె సుక్క మందు ముట్టనోడు. రోజు నా పిల్లను ఎత్తుకొని ఆడిపిచ్చెటోడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింట్లో ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"మరి ఇది ఎందుకు చదువుతున్నవ్?"

"ఆఫీసుల నౌకరి ఇస్తమన్నరు. ఇల్లు ఉండనిస్తమన్నరు. లేకుంటే రేపో మాపో ఖాళీ చెయ్యాలె. అత్తగారింటికి పోతే పిల్లతోని నన్ను పాలేరు లెక్క పెట్టుకుంటరు." శిరీష ఆమె మోచేయి పట్టుకుంది. "అక్కా, నీకు దండం. చదివినట్టు రానియ్యకు. మంచిగ రాకపోతే ఆల్లు నౌకరి ఇయ్యరు. నువ్వు జేపిస్తే వస్తదని సారే చెప్పిండు."

జ్యోతిరాణి లేచి బయటకు పోయి ఉంటే ఏమయ్యేది? అనిల్‌కుమార్ ఇంకెవరినో తెచ్చేవాడు. ఆ వీడియో చదివినట్టు ఉండేది. ఎవరూ నమ్మేవారు కాదు. ఈ లెక్క ఆమెకు అప్పుడే తెలుసు. కానీ మోచేతి మీద చెయ్యి అలాగే ఉంది.

ఆమె ట్యాబ్లెట్టు ఒళ్లో పెట్టుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. సద్ది కట్టడం ఉంచింది. తినకుండా పోవడం ఉంచింది. అందరూ పైన నిలబడి చూడడం, ఒక్కడూ దిగకపోవడం ఉంచింది. ఇంజనీరు ఫోన్ తీసేసింది. చివరకు ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. "మా ఆయనను తియ్యనీకి అఖిలేష్ దిగిండు." అందులో ఒక్క మాట కొత్తది అక్కర్లేకపోయింది. పేర్లు తారుమారు చేస్తే చాలు. "అఖిలేష్‌ను తియ్యనీకి మా ఆయన దిగిండు." అఖిలేష్ తాగాడన్న సంగతి చెప్పించనని, తిరిగి వచ్చిన అనిల్‌కుమార్‌తో గట్టిగా అంది. అతను కొంచెం ఆలోచించి సరేనన్నాడు. ఆ రోజు ఆమె నిలబెట్టుకున్న పట్టు అదొక్కటే.

మళ్లీ లైట్లు వేశారు. ఈసారి శిరీష అద్దంలో తన మాటలు చూసుకుంది. గొంతు మారింది. సద్ది దగ్గర కళ్లు నిండాయి. ఎవరూ నేర్పకుండానే తల ఒక పక్కకు వాల్చింది. అంతా బాగా సాగి, ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి, కళ్ల ముందు ఒకటి ఉండగా నోటి నుంచి ఇంకొకటి వచ్చింది.

"మా ఆయనను తియ్యనీకి అఖిలేష్..."

ఆగిపోయింది. భయంగా తలుపువైపు చూసింది.

"పర్వలేదు. మల్ల."

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. వాక్యం మొదలు కనబడగానే ఆమె మనసు మిగతాది తానే పూర్తి చేస్తోంది, నిజం ఎలా ఉందో అలా. అట్టముక్కల మీద రాసి చూపిద్దామా అన్నాడు అనిల్‌కుమార్. జ్యోతిరాణి అదీ చేసింది. పెళ్లిపత్రికల వెనుక స్కెచ్ పెన్నుతో ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క మాట రాసి లెన్సు పక్కనే పట్టుకుంది. సద్ది. ట్యాంకు. అందరు చూసుడు. గుర్తుకోసం ఒక్క మాట ఇస్తే మిగతాది మనిషి సొంతంగా చెబుతాడు, అదే అట్టల సుఖం. కానీ సొంతంగా చెప్పమన్నప్పుడు శిరీష జరిగిందే చెబుతోంది.

అప్పుడు జ్యోతిరాణికి ఉపాయం తట్టింది. తన వృత్తిలో అంతకన్నా తెలివైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు. ఆ వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వరుస ఇచ్చింది. మధ్యలో ఖాళీ వరుసలు వదిలింది. అద్దంలో ఒకసారి ఒక మాటే కనబడేటట్టు.

"శిరీషా, ముందటిది ఏమున్నదో ఆలోచన చెయ్యకు. కనబడ్డ మాట అను. తరువాతది నేను తెస్త."

కెమెరా నడిచింది. అందరు పైన నిలవడి సూస్తుండ్రంట, ఒక్కడు దిగలే. జ్యోతిరాణి బొటనవేలు ఆగింది. అద్దం ఖాళీ. శిరీష ఆ ఖాళీలోకి చూస్తూ ఉండిపోయింది. వేలు కదిలింది. అఖిలేష్‌ను. శిరీష ఆ పేరు పలికి మళ్లీ ఆగింది. వేలు కదిలింది. తియ్యనీకి. వేలు కదిలింది. మా ఆయన. ఖాళీ. దిగిండు.

అది విడివిడి మాటలు పలకడమే తప్ప వాక్యం చెప్పడం కాదు. కానీ చూసేవాళ్లకు కనిపించింది వేరు. దుఃఖం గొంతుకు అడ్డుపడి, మాట మాటకూ ఆగుతున్న ఒక ఆడమనిషి కనిపించింది.

అనిల్‌కుమార్ కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు.

ఆ వీడియో బోధన్, నిజామాబాద్, బాన్సువాడ వాట్సాప్ గ్రూపులన్నిటికీ రెండు రోజుల్లో పాకింది. "ఆ పేరు కాడ ఎట్ల ఆగిందో సూడు, అబద్ధమాడెటోళ్లు అట్ల ఆగుతరా?" అని జనం రాశారు. అఖిలేష్ తాగాడన్న మాట శిరీష అనలేదు. కింద వ్యాఖ్యల్లో జనమే అన్నారు. విచారణ అధికారి వచ్చి వెళ్లాడు. కాంట్రాక్టు కూలీ అనుమతి లేకుండా ట్యాంకులోకి దిగినట్టు, అతన్ని కాపాడబోయి పర్మినెంటు ఉద్యోగి మరణించినట్టు తేల్చాడు. కాంట్రాక్టరు ఆ రోజు అఖిలేష్ తన పనిలోనే లేడని, పరిహారం ఇవ్వనన్నాడు. శిరీషకు ఫ్యాక్టరీ హాజరు వేసే టైమాఫీసులో నౌకరీ వచ్చింది.

జ్యోతిరాణి ఆ తర్వాత కూడా మామూలుగానే పని చేసింది. కోచింగ్ సెంటర్ల సీజను వచ్చింది. ఒక డైరెక్టరు చేత "మీ పిల్లల భవిష్యత్తు మా బాధ్యత" అనిపించింది. అతను బాగా అన్నాడు. రిమోటు మీద బొటనవేలు ఎప్పుడైనా ఖాళీ వరుస దగ్గర అవసరం లేకుండా ఆగిపోయేది. ఎదుటివాళ్లు "మేడం, ముందటికి రాలే" అని గుర్తుచేసేవారు.

వానలు మొదలయ్యాక యూనియన్ నాయకుడు రామ్‌దాస్ ఒక ముసలామెను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. బక్కపలచటి మనిషి, గొంతులో ఎప్పుడూ జలుబు.

"అక్కా, ఈమె అఖిలేష్ తల్లి, ఈరవ్వ. పై ఆఫీసర్లకు మల్ల దరఖాస్తు పెడుతున్నం. ఈమె మాట ఒకటి రికార్డు చెయ్యాలె. ఫోన్ల నేనే తీసిన, కిందికి సూసుకుంట గొణుగుతది, ఒక్క ముక్క అర్థమైతలేదు. నువ్వైతే మంచిగ మాట్లాడిపిస్తవని అందరు అంటుండ్రు."

ఈరవ్వకు చదువు రాదు. ప్రాంప్టర్‌తో పని లేదు. అలాంటివాళ్లకు జ్యోతిరాణి దగ్గర వేరే పద్ధతి ఉంది. కెమెరాకు ఆనుకుని తాను కూర్చుని, లెన్సుకు బెత్తెడు దూరంలో ముఖం పెట్టి, మాటలు కలుపుతుంది. వాళ్లు ఆమెకే చెబుతారు. చూసేవాళ్లకు తమకే చెప్పినట్టు ఉంటుంది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"అవ్వా, కెమెరాను సూడకు. నన్ను సూసి చెప్పు."

ఈరవ్వ తల ఎత్తలేదు.

"శిరీషతోని మాట్లాడిపిచ్చినామెవు నువ్వేనా?"

రామ్‌దాస్‌కు ఆ సంగతి తెలియదు. అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"నేనే," అంది జ్యోతిరాణి.

"గా శిరీష నా కాళ్ల మీద వడి ఏడ్సింది. అక్కకు అంత చెప్పిన అవ్వా, ఆమెకు అంత ఎరుకే అన్నది." ఈరవ్వ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎరికై ఉండి నా కొడుకు పేరు అట్ల వెట్టినవు. ఇప్పుడు నిన్ను సూసుకుంట మాట్లాడాల్నా నేను?"

"అవ్వా..."

"దాని మీద నాకు కోపం లేదు. దాని కడుపు దానిది. నీకేమొచ్చిందే?"

రామ్‌దాస్ నచ్చజెప్పబోయాడు. ఈరవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది. కెమెరా నడిపి చూశారు. ఆమె గోడకు చెప్పింది, నేలకు చెప్పింది, కిటికీకి చెప్పింది. ఆ గదిలో ఒక్క చోటికి మాత్రం చూడలేదు, లెన్సు ఉన్నది అక్కడే. తర్వాత వేసి చూస్తే, ఏదో దాచిపెడుతూ చూపులు తప్పిస్తున్న మనిషిలా ఉంది.

"ఇది పనికిరాదు," అన్నాడు రామ్‌దాస్.

"నేను మాట్లాడ," అంది ఈరవ్వ. "ఈమెనే మాట్లాడుమను. శెవులార ఇన్నది గద. నేను సూసింది గాదు, ఇన్నది గాదు. నాకేమెరుక? ఈమెకు ఎరుక."

రామ్‌దాస్ మెల్లగా జ్యోతిరాణివైపు తిరిగాడు. "అక్కా, నిజమేనా? శిరీష నీకు చెప్పిందా? రికార్డు ఉన్నదా?"

"లేదు. అప్పుడు కెమెరా బందు వెట్టిన."

"మరి నువ్వే చెప్పు."

చెబితే శిరీష నౌకరీ పోవచ్చు. ఆ ఫ్యాక్టరీ తనకు మళ్లీ పని ఇవ్వదు, అనిల్‌కుమార్ ఎవరెవరికి చెబితే వాళ్లూ ఇవ్వరు. కానీ ఆ రెండూ ఆమెకు తర్వాత గుర్తొచ్చాయి. అప్పుడు మాత్రం ఈరవ్వ వీపు కనిపించింది. మెడ కింద జాకెట్టు కుట్టు ఊడి ఉంది. జ్యోతిరాణి ట్యాబ్లెట్టు ఆర్పేసి, డబ్బా అలాగే ఉండగా, కెమెరా ముందు కుర్చీలో కూర్చుంది. రామ్‌దాస్ బటన్ నొక్కాడు.

అద్దం మీద ఒక్క అక్షరం లేదు. అంతకాలంగా కెమెరాతో బతికిన మనిషికి, ఎదురుగా రాసింది ఏదీ లేకుండా దాని ముందు కూర్చోవడం అదే మొదటిసారి.

"నా పేరు జ్యోతిరాణి. శిరీష వీడియో చేయించింది నేను. ఆ రోజు ఆమె నాకు చెప్పింది వేరు..."

చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సద్ది, ఇంజనీరు ఫోను, తాడు లేకుండా దిగిన అఖిలేష్, తారుమారైన పేర్లు, ఏదీ వదల్లేదు. ఎక్కడా తడబడలేదు. గొంతు సమంగా ఉంది. అయిపోయాక రామ్‌దాస్ ఫోనులో వేసి చూపించాడు. మొదటి నాలుగు మాటలకే ఆమెకు అర్థమైంది. మూడు నాలుగు మాటలకు ఒకసారి ఆగుతోంది, వరుస విరిగినట్టు. రెప్ప కొట్టడం లేదు. చేతులు చచ్చుబడి ఒళ్లో ఉన్నాయి. ప్రతి వాక్యం చివర కేబుల్ చానల్ రోజుల నాటి గొంతు దింపుడు ఉంది. నాలుగు ముక్కలు చెప్పడం రాని వాళ్లకు నేర్పీ నేర్పీ, తన మాట ఎలా ఉండేదో ఆమె నోరు ఎప్పుడో మర్చిపోయింది.

"మల్ల తీద్దాం," అంది.

తీశారు. ఇంకోసారి తీశారు. ప్రతిసారీ ఇంకొంచెం బాగా చదివినట్టు వచ్చింది.

"సాలు అక్కా," అన్నాడు రామ్‌దాస్. "ఉన్న కాడికి పెడ్త."

పెట్టాడు. దరఖాస్తుతో పంపాడు, గ్రూపుల్లో వేశాడు. "యూనియనోళ్లు ఎంత ఇచ్చిండ్రో, మంచిగ రాసిచ్చిండ్రు" అని ఒకడు రాశాడు. "వార్తలు సదువుతుందా ఏంది?" అని ఇంకొకడు. "పాపం ఆ పిల్ల ఎట్ల ఏడ్సింది, ఈమెను సూడు, కంట్ల నీళ్లు లెవ్వు" అని ఒక ఆడమనిషి రాసింది. ఆ మాట కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

అనిల్‌కుమార్ ఫోన్ చేసి తిట్టలేదు. "మేడం, మీరే అంటుంటిరి గద, చదివినట్టు ఉంటే ఎవలు నమ్మరని," అన్నాడు. అదే మెత్తని గొంతుతో, "ఆరోగ్యం మంచిగ సూసుకోండ్రి," అని పెట్టేశాడు.

శిరీష నౌకరీ పోలేదు. పోకుండా ఉండడానికి ఆమె ఇంకో వీడియో చేయాల్సి వచ్చింది. ఈసారి డబ్బా లేదు, జ్యోతిరాణి లేదు. టైమాఫీసులో, తన బల్ల దగ్గర, ఫోనులోని యాప్‌తో తీసినట్టుంది. అక్షరాలు ఫోను సెల్ఫీ కెమెరాకు ఆనుకునే పెట్టుకుని ఉంటుంది, ఫోను చేతికందనంత దూరంలో నిలబెట్టి ఉంటుంది. వెడల్పు తగ్గించుకుని ఉంటుంది. ఎవరో జ్యోతిరాణికి పంపితే, గదిలో ఒక్కతే కూర్చుని చూసింది.

"ఆమె నాతోని ఏం మాట్లాడలే. చాయ్ తాగింది, వీడియో తీసింది, పోయింది. నేను ఆమెకు ఏం చెప్పలే. అఖిలేష్‌ను తియ్యనీకి మా ఆయన దిగిండు. ఎన్నిసార్లు అడిగినా గదే చెప్త."

జ్యోతిరాణి వెనక్కి జరిపి మళ్లీ చూసింది. చదువుతున్న జాడ కోసం వెతికింది. కళ్లు పక్కకు పోలేదు. రెప్పలు మామూలుగా కొట్టుకుంటున్నాయి. మధ్యలో చెంప మీది వెంట్రుక వెనక్కి తోసుకుంది. ఆ పేరు దగ్గర ఆగలేదు. ఇంటి ముందు నిలబడి పక్కింటావిడతో మాట్లాడినట్టు, వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో వచ్చింది.